ఓటు కుప్పంలో, డ్యూటీ తిరుపతిలో: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తాను. నా ఓటు కుప్పం దగ్గర మా ఊళ్ళో ఉంది. పోలింగ్ రోజు సెలవు ఇవ్వలేదని ఇదివరకు రెండు అర్జీలు పెట్టాను. 'పరిష్కరించబడింది' అని రెండుసార్లూ ఫోన్‌కు మెసేజీ వచ్చింది. ఏం పరిష్కారమైందో మీరైనా చెప్తారని ఇది రాస్తున్నాను.

2024 మే 13, సోమవారం. పోలింగ్ రోజు జీతం కోయకుండా సెలవివ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెప్తుంది. రోజుకూలీకి కూడా అంతే. ఓటు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి వేసుకోవచ్చని ఎన్నికల సంఘం కూడా చెప్పింది. మా మేనేజర్ లెక్క వేరు. "తిరుపతిలో ఓటున్నోళ్ళకే సెలవు. నీకు రెండు గంటల పర్మిషన్ ఇస్తా, పోయిరాపో" అన్నాడు. రెండు గంటల్లో కుప్పం పోయిరావాలంటే ఆ ఏడుకొండలవాడి గరుడ వాహనమే అడగాలి.

రెండింటికి డ్యూటీ దిగాల్సిన వాణ్ణి పన్నెండున్నరకు దిగాను. బస్టాండులో కాలు పెట్టే సందు లేదు. చిత్తూరు దాకా నిలబడి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, పలమనేరు మీదుగా ఊరు చేరేసరికి ఆరూ నలభై. ఆరింటికి క్యూలో ఉన్నవాళ్ళకు స్లిప్పులిచ్చి స్కూలు గేటు వేసేశారు. స్లిప్పు పట్టుకుని లోపల మా బావమరిది, చేతిలో ఓటరు కార్డుతో గేటు బయట నేను. పోలీసాయన తప్పేం లేదు, రూల్ అది. మరుసటి నెల జీతంలో సగం రోజు కోత. ఓటూ పోయింది, డబ్బూ పోయింది.

సెలవివ్వని యజమానికి జరిమానా 500 రూపాయల దాకానట. మా లాడ్జిలో ఏసీ రూము ఒక్క పూటకు అంతకన్నా ఎక్కువ. ఎవరు భయపడతారు సార్? పైగా పనివాడు లేకపోతే ప్రమాదమో భారీ నష్టమో జరిగే చోట మినహాయింపు ఉందట. తాళం చెవులిచ్చే నేను ఒకరోజు లేకపోతే ఎంత భారీ నష్టమో మేనేజర్ గారే చెప్పాలి.

"ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చు కదా" అని అర్జీ పెట్టిన ఆఫీసులో సలహా ఇచ్చారు. మార్చుకుంటాను. మరి నా భార్యాపిల్లలు, రేషన్ కార్డు అక్కడే ఉన్నాయే? నలుగురం పంచుకునే గదికి ఓనరు అగ్రిమెంటు ఇవ్వడే?

పంచాయతీ ఎన్నికలైతే ఇంకా అన్యాయం. 135బి పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలకే. 2021లో పంచాయతీలకు నాలుగు విడతల్లో పోలింగ్ జరిగింది. మా ఊళ్ళో పోలింగ్ రోజు తిరుపతిలో మామూలు పనిదినం. సెలవడిగితే నవ్వారు.

దయచేసి వచ్చే ఎన్నికలకు ముందే ఒక సర్క్యులర్ ఇవ్వండి. వేరే ఊళ్ళో ఓటున్నవాళ్ళకు ఆ ఊరి పోలింగ్ రోజున సెలవని, ముందురోజు సాయంత్రమే వదలాలని అందులో రాయండి. ఒక కాపీ మా లాడ్జి గోడకు అంటించమనండి, మేనేజర్ కుర్చీ వెనకాల.

ఇట్లు,
కుప్పం ఓటరు, తిరుపతి కార్మికుడు