డిశ్చార్జి అయిన తొమ్మిదో రోజు: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. మానసిక వార్డు నుంచి ఇంటికెళ్ళిన పేషెంట్లను ఆ తర్వాత పలకరించే ఏర్పాటు చేయమని మేమిచ్చిన వినతిపత్రాలకు "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. ఇంత ఓపిగ్గా పరిశీలిస్తున్నందుకు సంతోషమే గానీ, ఈలోగా మా వార్డు నుంచి ఇంటికెళ్ళిన పేషెంట్ ఒకాయన ఆత్మహత్య చేసుకుని చనిపోయాడు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

ఆయనది ఉదయగిరి దాటాక ఒక మెట్ట ఊరు. యాభై దాటిన రైతు. ఆత్మహత్యాయత్నం తర్వాత తీవ్రమైన డిప్రెషన్‌తో మా దగ్గర చేరాడు. మూడు వారాల్లో నిద్ర పట్టింది, అన్నం తిన్నాడు, పక్క మంచం వాళ్ళతో వానల గురించి మాట్లాడాడు. చనిపోవాలనే ఆలోచన ఉందా అని సూటిగానే అడిగాం, లేదన్నాడు. రెండు వారాలకు రమ్మని చీటీ రాసి పంపాం. తొమ్మిదో రోజున చనిపోయాడు.

ఇంట్లో ఏం జరిగిందో, కాగితాల కోసం వచ్చిన ఆయన భార్య చెబితే తెలిసింది. నాలుగో రోజు నుంచి మళ్ళీ నిద్ర లేదు. రాత్రంతా అరుగు మీద కూర్చునేవాడు. ఊళ్ళో చిన్న చిన్న బాకీలన్నీ తిరిగి తీర్చొచ్చాడు. బాధ్యత తెలిసొచ్చిందని ఆమె సంబరపడింది. మా చదువులో అది ప్రమాద సూచన. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది ఆ వారంలోనే, ఆ ఇంట్లోనే. "ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేస్తారేమో అనుకున్నా సార్" అంది. అలా ఫోన్ చేయడానికి మా దగ్గర ఉద్యోగి లేడు, చేయాలనే నియమమూ లేదు.

ఆ తర్వాత జరిగిన విచారణలో పైవాళ్ళు అడిగింది ఒక్కటే: రిస్క్ ఫారం నింపారా? నింపాం సార్. "ముప్పు తక్కువ" అని టిక్కు కూడా ఉంది. ఫైలు భద్రంగా ఉంది, మనిషే లేడు. ఇలాంటి స్కోర్లతో ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో ముందే తేల్చొద్దని, పేషెంట్లను ఎక్కువ ముప్పు, తక్కువ ముప్పు అని విడదీయొద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2022లోనే చెప్పాయి. వార్డులో అప్పులవాడు లేడు, ఎండిన బోరు లేదు, రాత్రి లేచి చూసే నర్సు ఉంది. అక్కడ పెట్టిన టిక్కు ఊరి బస్సెక్కగానే చెల్లదు. మానసిక వార్డు నుంచి ఇంటికెళ్ళిన మొదటి వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమని మా వాళ్ళందరికీ తెలుసు. సరిగ్గా ఆ వారాల్లోనే మన వ్యవస్థ చేతులు కట్టుకుని కూర్చుంటోంది.

వారానికొకసారి చూడండి, ఇంట్లో మందులు ఎక్కువ నిల్వ లేకుండా కొద్దికొద్దిగా ఇవ్వండి అని మాకు నేర్పుతారు. మంచి మాటే. నెల్లూరికి దాదాపు వంద కిలోమీటర్లు. మీ దయవల్ల ఆమెకు బస్సు ఉచితం, ఆయనకు టిక్కెట్టు, ఇద్దరికీ ఆ రోజు కూలి పోతుంది. ప్రతి వారం రమ్మని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఊరికొచ్చే 104 వాహనంలో బీపీ మాత్ర ఉంది, ఆయన మాత్ర లేదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన వైద్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేయించిన అధ్యయనం 2008లో అచ్చయింది. అందులో ఒక కేంద్రం మన పక్కనున్న చెన్నై. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికొచ్చిన 1,867 మందిలో సగం మందికి మామూలు వైద్యం ఇచ్చారు. మిగతా సగానికి దానితోపాటు ఒక గంట కూర్చోబెట్టి విషయం వివరించి, ఆపైన 18 నెలల్లో 9 సార్లు ఫోన్ చేసో, ఇంటికెళ్ళో పలకరించారు. మొదటి పలకరింపు వారానికే. మామూలు వైద్యం అందినవాళ్ళలో 18 మంది ఆత్మహత్యతో చనిపోతే, పలకరింపు అందినవాళ్ళలో ఇద్దరు. ఒక్క అధ్యయనమే, నిజమే. కానీ ఖర్చెంత సార్? ఒక నర్సు, ఒక ఫోన్.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది కదా అంటారు. 14416 గోడల మీద మేమే అతికించాం, ప్రతి పేషెంటుకీ రాసిస్తున్నాం, పనికొస్తోంది కూడా. కానీ ఆ ఫోన్ మోగాలంటే ముందు బాధలో ఉన్న మనిషి నంబరు నొక్కాలి. డిప్రెషన్ ముదిరినవాడికి మంచం దిగడమే కష్టం.

చట్టం లేదా అంటే అదీ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 98వ సెక్షన్, డిశ్చార్జికి ముందే పేషెంటుతో, ఇంటివాళ్ళతో కూర్చుని తర్వాతి వైద్యం ఎలాగో మాట్లాడమంటుంది. 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ళకు మళ్ళీ ఆ ముప్పు రాకుండా వైద్యం, పునరావాసం ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదే అంటుంది. మేం మాట్లాడాం. ఇంటికెళ్ళాక ఎవరొస్తారని ఆమె అడిగితే మా దగ్గర చెప్పడానికి పేరు లేదు.

దయచేసి ఆ పేరు ఇవ్వండి. ఏఎన్ఎమ్ అవుతారో, విలేజ్ క్లినిక్‌లో సీహెచ్ఓ అవుతారో మీరే తేల్చండి. వారంలోపు ఒక ఫోన్, తర్వాత ఒకసారి ఇంటికెళ్ళి చూడటం, మందు ఆ ఊళ్ళోనే అందడం. ముందు ఫోనైనా ఇప్పించండి. మళ్ళీ అదే అడుగుతున్నానని విసుక్కోకండి, వినతిపత్రాల్లోనూ అదే ఉంది.

ఈ వారం మా వార్డు నుంచి ఇంకా కొందరు ఇళ్ళకు వెళ్తున్నారు. ఒకరిది సీతారామపురం వైపు, ఇంకొకరిది కనిగిరి దగ్గర. వాళ్ళ ఇళ్ళకు ఎవరు ఫోన్ చేయాలో, ఆ ఉత్తర్వు ఈ వారంలోనే పంపండి.

ఇట్లు,
సైకియాట్రీ పీజీ వైద్య విద్యార్థి,
నెల్లూరు జిల్లా