వార్షిక నివేదిక 2024-25: పతంగుల ఆటకు మొదటి వీడియో వచ్చిన తీరు

సభ్యులందరికీ నమస్కారం.

వీడియో గేమ్‌లు చేసే మన సంఘం ఈ ఏడాది తొమ్మిదిసార్లు కలిసింది. ఎక్కువ సమావేశాలు మాదాపూర్‌లో జరిగాయి, రెండు మాత్రం బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో. జమాఖర్చులు ఖజాంచి గారు విడిగా పంపారు కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒకే పనికి ఇస్తున్నాను. ఇద్దరు సభ్యులు రెండేళ్లు కష్టపడి చేసిన పతంగుల వీడియో గేమ్ గురించి బయటివాళ్లు మొదటిసారి మాట్లాడేలా చేయడం ఆ పని. పాతబస్తీ మిద్దెల మీద నిలబడి పక్కవాడి పతంగిని తెగ్గొట్టే ఆట కాబట్టి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, జనవరి 10న కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో విడుదల చేయాలని అనుకున్నాం.

నవంబర్‌లో, ఆటలు ఆడుతూ యూట్యూబ్‌లో చూపించే స్ట్రీమర్లు అరవై మందికి మెయిల్ పంపాం. ఇద్దరే జవాబిచ్చారు, ఆ ఇద్దరూ డబ్బు ఎంత ఇస్తారని అడిగారు. ఆట బాగాలేదేమోనని మన కుర్రాళ్లు చాలా టెన్షన్ పడ్డారు. మెయిల్ అందుకున్నవారిలో ఒకాయన మన సభ్యుడికి తెలిసినవారే కావడంతో ఫోన్ చేసి అడిగాం. "అన్నా, లింక్ నొక్కితే పర్మిషన్ అడిగింది. తర్వాత చూద్దామని వదిలేశా" అన్నారు. ఆట వివరాలు, బొమ్మలు, ట్రైలర్ ఉండే ప్రెస్ కిట్‌ను పెట్టిన డ్రైవ్ ఫోల్డర్‌ను అందరికీ తెరిచి పెట్టలేదు. మన ఖాతాతో లాగిన్ అయి చూసుకున్నాం కాబట్టి మనకు బాగానే తెరుచుకుంది. అప్పటి నుంచి ఏ లింక్ పంపే ముందైనా ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి, వేరే వాళ్ల ఫోన్‌లో ఒకసారి తెరిచి చూస్తున్నాం.

కిట్‌ను కూడా మొదటి నుంచి మళ్లీ కట్టాం. ఆటల రూపకర్త రామీ ఇస్మాయిల్ ఉచితంగా ఇచ్చిన presskit() పద్ధతినే తీసుకున్నాం. అందులో ముందు ఒక చిన్న వివరాల పట్టీ ఉంటుంది: ఎవరు చేశారు, ఏ రోజు విడుదల, ఏ యంత్రాల మీద ఆడుతుంది, ధర ఎంత, ఎవరికి రాయాలి. దాని కింద రెండు వాక్యాల పరిచయం, ట్రైలర్, స్క్రీన్‌షాట్లు, లోగో. మనం పాత కిట్‌లో స్క్రీన్‌షాట్ల మీద ఆట పేరు, విడుదల తేదీ అచ్చువేశాం. వీడియో చేసేవాళ్లకు అది పనికిరాదు. థంబ్‌నెయిల్ మీద వాళ్ల మాటలు, వాళ్ల ముఖం పెట్టుకోవడానికి ఖాళీ కావాలి. అందుకే అక్షరాలు లేని పెద్ద బొమ్మ ఒకటి, వెనక రంగు లేని PNG లోగో తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి విడివిడిగా పెట్టాం. స్క్రీన్‌షాట్లన్నీ 1920x1080 కొలతలో, నిజంగా ఆడుతుండగా తీసినవే. మెనూ బొమ్మలు తీసేశాం.

అన్నిటికంటే ఎక్కువ పని ఛానెళ్లను ఎంచుకోవడంలో పడింది, పడాల్సింది కూడా అక్కడే. మొదటి జాబితా సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూసి రాసుకున్నది. వాళ్లలో చాలామంది రోజంతా BGMI గానీ ఫ్రీ ఫైర్ గానీ ఆడేవాళ్లు. వాళ్ల ప్రేక్షకులు అందుకే వస్తారు, ఒకరోజు పతంగుల ఆట పెడితే వెళ్లిపోతారు. రెండోసారి ఒకే ప్రశ్న అడిగాం: గత మూడు నెలల్లో ఈ ఛానెల్ పేరులేని చిన్న ఆట ఒక్కటైనా ఆడిందా? ఆడితే ఆ వీడియోను ఎంతమంది చూశారు, కింద కామెంట్లు ఎలా ఉన్నాయి అని చూశాం. అలా వడపోస్తే పద్దెనిమిది మిగిలాయి, అందులో ఏడు తెలుగు ఛానెళ్లు. మెయిల్ చిరునామా యూట్యూబ్ ఛానెల్ వివరాల్లోనే ఉంటుంది, కాకపోతే కంప్యూటర్‌లో లాగిన్ అయి చూస్తేనే కనిపిస్తుంది. ఒక్కో ఛానెల్‌కు దాదాపు అరగంట పట్టింది.

డిసెంబర్ మొదటి వారంలో పంపిన మెయిల్ ఆరు వాక్యాలే. సబ్జెక్టులోనే ఆట ఎలాంటిది, దాన్ని ఉచితంగా తెరిచే కీ లోపల ఉందన్న మాట, విడుదల తేదీ పెట్టాం. మొదటి వాక్యంలో ఆ ఛానెల్‌లో మేం నిజంగా చూసిన వీడియో గురించి రాశాం. దాని కింద పతంగి తెగే క్షణాన్ని చూపే ఎనిమిది సెకన్ల జిఫ్, తర్వాత స్టీమ్ కీ, కిట్ లింక్, వీడియో ఎప్పటి నుంచి పెట్టుకోవచ్చో భారత కాలమానంలో. కావాలంటే కీ ఇస్తామని రాయలేదు, నేరుగా ఇచ్చేశాం. అడిగి, ఎదురుచూసి, మళ్లీ తెరిచేంత తీరిక వాళ్లకు ఉండదు. ఇక్కడ ఒక జాగ్రత్త: విడుదలకు ముందే ఆడనిచ్చే కీలు స్టీమ్‌లో వేరే రకం, వాటిని విడిగా అడిగి తీసుకోవాలి. మామూలు కీ పంపితే ఆట విడుదలయ్యేదాకా వాళ్లు ఆడలేరు.

ఎవరికి ఏ కీ వెళ్లిందో ఒక షీట్‌లో రాసుకున్నాం. ఆట చేసినవాళ్లకు స్టీమ్ ఇచ్చే స్టీమ్‌వర్క్స్‌లో ఆ కీ వేసి చూస్తే వాడారో లేదో తెలుస్తుంది. వారం తర్వాత పదకొండు కీలు వాడినట్టు కనిపించింది. వాడనివాళ్లకు మాత్రమే ఒకసారి, ఒకే ఒకసారి, రెండు వాక్యాల్లో గుర్తుచేస్తూ మెయిల్ పంపాం. చివరికి నలుగురు తమ ఛానెల్‌లో ఆడారు. మొదటి వీడియో ఒక చిన్న తెలుగు ఛానెల్‌లో నలభై నిమిషాలు నడిచింది. ఆ రోజు మన కుర్రాళ్ల ముఖాలు నేను మరచిపోలేను.

మర్నాడే ఆ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఆటలోని డప్పు సంగీతానికి మనం హక్కులు కొనుక్కున్నాం, కాగితాలున్నాయి. కానీ సంగీతం చేసినాయన అదే ట్రాక్‌ను పాటల యాప్‌లలో పెట్టేందుకు ఒక పంపిణీ సంస్థకు ఇచ్చారు, వాళ్లు దాన్ని, వీడియోల్లోని పాటలను పోల్చి పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో చేర్చారు. మనకు హక్కు ఉన్నా, వీడియో మీద వచ్చే డబ్బు స్ట్రీమర్‌కు ఆగిపోయింది. సంగీతం చేసినాయన ద్వారా సంస్థకు రాయించి క్లెయిమ్ తీయించేసరికి ఐదు రోజులు గడిచాయి. ఆ స్ట్రీమర్ ఓపిక పట్టారు గానీ, అందరూ పట్టరు. ఇప్పుడు ఆట సెట్టింగుల్లో ఆ ట్రాక్‌లను ఆపే స్ట్రీమింగ్ మోడ్ ఉంది, ఆ సంగతి కిట్‌లో మొదటి పట్టీలోనే రాశాం. సంగీతం ఒప్పందంలో కంటెంట్ ఐడీలో చేర్చకూడదన్న షరతు కూడా పెడుతున్నాం.

వీడియో రాగానే కీలు కావాలంటూ మెయిళ్లు వరద కట్టాయి. నాలుగైదు కీలు అడిగేవాళ్లు ఎక్కువ, పేరేమో పెద్ద ఛానెల్‌ది. చిరునామాను ఛానెల్ వివరాలతో పోలిస్తే ఒక అక్షరం తేడా కనిపించింది. అలాంటి కీలు బయట అమ్ముడుపోతాయి. వచ్చిన మెయిల్‌కు జవాబివ్వకుండా ఛానెల్‌లో ఉన్న చిరునామాకే కొత్తగా రాశాం, అసలువాళ్లు మాకేం తెలియదన్నారు. స్టీమ్‌లో ఆటలను సిఫారసు చేసే క్యూరేటర్లమని చెప్పినవాళ్లకు అక్కడి క్యూరేటర్ కనెక్ట్ ద్వారానే ఆట పంపాం, అందులో కీ చేతికి ఇవ్వాల్సిన పని లేదు.

ఫలితం గురించి. ప్రతి ఛానెల్‌కు వేరే లింక్ ఇచ్చాం, స్టీమ్ పేజీ చిరునామా చివర `?utm_source=ch07` లాంటి గుర్తు పెట్టి. ఆ లెక్కలో తెలుగు వీడియో నుంచి వచ్చి, తర్వాత కొనేందుకు ఆటను విష్‌లిస్టులో పెట్టుకున్నవాళ్లు 46 మందే. కానీ వీడియో వచ్చిన మూడు రోజుల్లో మొత్తం విష్‌లిస్టులు 210 పెరిగాయి. ఆ రోజుల్లో మనం వేరే ప్రచారమేమీ చేయలేదు. టీవీలోనో ఫోన్‌లోనో చూసి, తర్వాత కంప్యూటర్‌లో పేరు వెతుక్కుని వచ్చినవాళ్లు లింక్ లెక్కలో పడరు. కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కనే చూడాలి.

డబ్బు అడిగిన ఇద్దరికీ ఈసారి వద్దన్నాం. డబ్బిచ్చి చేయించిన వీడియో మీద ప్రకటన అని రాయాలి, అది రాయనని ఒకరు ముందే చెప్పారు.

వచ్చే ఆగస్టులో మరో సభ్యురాలి ఆట రాబోతోంది. కిట్ నమూనా, మెయిల్ నమూనా, కీల షీట్ సంఘం ఫోల్డర్‌లో పెట్టాం. ఛానెళ్ల జాబితా మాత్రం ఆమె ఆటకు తగ్గట్టు కొత్తగా రాయాలి. జూన్ సమావేశంలో ఆ పనికి కూర్చుంటాం, నలుగురు చేయి వేస్తే ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. రాగలిగినవాళ్లు నాకు ముందుగా చెప్పండి.

కార్యదర్శి
హైదరాబాద్