శీనుగాడికి, బస్తాకి ముప్పై అయిదు రూపాయల కథ

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ వచ్చి రెండు నెలలైంది, తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడ అందరం బానే ఉన్నాం, అమ్మ మోకాలు అలాగే ఉంది, చిన్నది ఐదో క్లాసు, షాపుకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. వార్తలు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి విను, నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా బోర్ కొట్టిందంటారు.

హోల్‌సేల్ దగ్గర బేరమాడి, షాపుకి కొనే బియ్యం రేటు తగ్గించానురా! నేనే! అరటిపళ్ళ బండి దగ్గర నువ్వు నన్ను పక్కకి లాగేసిన రోజు గుర్తుందిగా, ఆ నేనే.

మన షాపులో నెలకి 40 బస్తాల సాంబ మసూరి పోతుందని నాకే తెలీదు. మూడు హోల్‌సేల్ షాపుల్లో తలా మూడు నాలుగు బస్తాలు తెచ్చుకుంటూ, ఆటోకి బస్తాకి పది రూపాయలు నేనే పెట్టుకుంటూ, ముగ్గురి దగ్గరా చిల్లర గిరాకీలా బతికేశాను. ఒక ఆదివారం పాత చిట్టాలు ముందేసుకుని మూడు నెలలవి కూడితే లెక్క తేలింది. (అన్నట్టు బస్తా అంటే 26 కిలోలు. 2022లో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన వాటికి జీఎస్టీ వేశాక మిల్లులోళ్ళు కిలో కలిపి తప్పించుకున్నారు, నవ్వకు.)

ముగ్గురిలో సరుకు బాగా ఇచ్చేది మన సైలెన్సర్ గారు. ఆయన దగ్గరికే వెళ్ళా. నెల అరువు మీద 1,400 రేటు. నేను "మొత్తం 40 మీ దగ్గరే తీసుకుంటా, 1,360 వెయ్యండి" అన్నా. ఆయన తలెత్తకుండా "రేటు మార్కెట్‌దండి, నాది కాదు" అన్నాడు. అక్కడే పాత నేనైతే టీ తాగి వచ్చేసేవాణ్ణి.

ఈసారి బేరాన్ని రెండు ముక్కలు చేశాను. మొదటిది ఆటో. నెలకి 40 ఒకేసారి దింపుకుంటే నాకు చోటూ లేదు, పురుగూ పడుతుంది, కాబట్టి వారానికి పది. పది ఒక ట్రాలీ ఆటోలో పట్టేస్తాయి, "మా వీధికి మీ బండి ఎలాగూ వస్తుంది, దింపి పోండి" అంటే వెంటనే ఒప్పుకున్నాడు. ఆయనకి అది పెద్ద ఖర్చు కాదు, నాకేమో పది రూపాయలు.

రెండోది డబ్బు. "నా అరువు మీకెంత పడుతుందండీ?" అని అడిగా. మార్కెట్లో రెండు రూపాయల వడ్డీ, 1,400 మీద నెలకి 28. అదీ నేను సరిగ్గా నెలకి ఇస్తే, నేనేమో నలభై రోజులు లాగుతాను, ఆయన కుర్రాడు మూడుసార్లు తిరుగుతాడు! "దిగిన రోజే ఫోన్లో కొట్టేస్తా, ఆ 28లో నాకెంతిస్తారు?" అన్నా. పది అన్నాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నా రా, నేను! ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. చివరికి 25 దగ్గర ఆగింది. ఆటోతో కలిపి 35, నెలకి 1,400 మిగులు.

కానీ అంతా లాభం అనుకోకు. మన గిరాకీలో సగం ఖాతా, ఒకటో తారీకు దాటితేగానీ ఇవ్వరు. నెలాఖరుకి ఆ ఇరవై బస్తాలూ, షాపులో ఉన్న పదీ కలిపి నలభై ఒక్క వేలు నావే ఇరుక్కుంటాయి. నెలంతా అంతే ఇరుక్కున్నాయనుకున్నా రెండు రూపాయల చొప్పున 825. అయినా 575 చేతిలో. నేను పాడిన చీటీ డబ్బు బ్యాంకులో ఊరికే ఉంది కాబట్టి సరిపోయింది, అప్పు తెచ్చి మాత్రం ఈ పని చెయ్యను.

ఇంకోటి, రేటు 1,375 అని ఫిక్స్ చేసుకోలేదు, రోజూ మారేదాన్ని ఎలా కడతాం? ఆ రోజు అరువు రేటుకి 25 తక్కువ, అదీ బిల్లులోనే తగ్గాలి, తర్వాత చూద్దాం అనేది లేదు. దిగే రోజు పొద్దున పక్క షాపుకి ఫోన్ చేసి రేటు కనుక్కుంటా, లేకపోతే పైన పాతిక పెంచి కింద పాతిక తగ్గిస్తే నాకేం తెలుస్తుంది? నా డబ్బు మూడు రోజులు దాటితే ఆ లోడుకి పాత అరువు రేటే, అది ఆయన షరతు, న్యాయమే.

రెండో వారమే దెబ్బ తగిలిందనుకో. బిల్లు కరెక్ట్, బియ్యం మాత్రం కొత్తవి. సుబ్బమ్మత్త వచ్చి "అన్నం ముద్దయిపోయింది, డబ్బులిచ్చెయ్" అని వీధంతా వినిపించేలా... ఆమె గొంతు నీకు తెలుసుగా. రేటు మీద పెట్టిన ధ్యాస సరుకు మీద పెట్టలేదు. ఇప్పుడు డబ్బు కొట్టే ముందు రెండు బస్తాల్లో గొట్టం గుచ్చి చూస్తున్నా, గుప్పెడు ఇంటికి పంపి వండిస్తున్నా. ఆ పది బస్తాల్లో విప్పని ఏడూ వెనక్కి తీసుకున్నాడు, మొహం మాడ్చుకునే అనుకో, కానీ వారం వారం టైముకి డబ్బిచ్చేవాణ్ణి పోగొట్టుకోడుగా.

ఇప్పుడు కందిపప్పు మీద కూడా ఇదే ఆలోచన, కాకపోతే దాని రేటు ఊగే ఊపుకి... ఆగు, బండి హారన్, పది బస్తాలు వచ్చినట్టున్నాయి, గొట్టం ఎక్కడ పెట్టానో

నీ
బాబ్జీ