నాన్న పోయాక ఆఫీసులో నాకు ఆసరాగా నిలిచినవాళ్లకు

నాన్న పోయిన కొద్ది రోజులకే మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. సెలవు అయిపోయింది. నెలాఖరు లెక్కలు ముగించాల్సిన తేదీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు నాకు తోడు నిలిచినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను. పేర్లు వద్దని వాళ్లే అన్నారు కాబట్టి, ఎవరు ఏం చేశారో మాత్రం రాస్తున్నాను.

ముందుగా మా టీమ్ లీడ్ గారికి. నేను రావడానికి ముందు రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేసి, టీమ్‌కు పంపబోయే మెసేజ్ చదివి వినిపించారు. ఎలా జరిగిందని అడగొద్దు, మీటింగుల్లో ఆ విషయం ఎత్తొద్దు, కొత్త పనులుంటే రెండు వారాలు నాకు కాకుండా ఆయనకే పంపాలి. ఇంతే ఉంది అందులో. "ఇలా పంపనా అమ్మా, ఏమైనా మార్చాలా?" అన్నారు. 'ఇంటి పరిస్థితుల వల్ల' అన్న చోట నాన్న పోయారనే రాయమన్నాను. విషయం తెలియకపోతే సెలవులు ఎలా గడిచాయని ఎవరో ఒకరు అడుగుతారు, మళ్లీ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

"ఏదైనా కావాలంటే చెప్పు" అని చాలామంది మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఏం కావాలో ఆలోచించే ఓపికే నాకు లేదు. పక్క సీట్లో కూర్చునే అక్క ఆ మాట అనలేదు. కాగితం తీసుకుని నా చేతిలో ఉన్న పనులన్నీ చెప్పించుకుని రాసింది. నేనే చేయాల్సినవి, ఎవరైనా చేయగలిగినవి, వచ్చే నెల దాకా ఆగగలిగినవి అని విడదీసింది. తీరా చూస్తే నేనే చేయాల్సినవి మా ఖాతా పుస్తకాలను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసే బ్యాంకు రికన్సిలియేషన్, కొన్ని పాత బాకీల లెక్కలు, అంతే. వెండార్ బిల్లులు ఆ పూటే వేరేవాళ్లకు వెళ్లిపోయాయి. ఆగగలిగిన వాటికి కొత్త తేదీలు ఇస్తూ లీడ్ గారు తన పేరు మీదే మెయిల్ పెట్టారు. అదే నేను పెట్టి ఉంటే కారణం రాయాలి, ఓదారుస్తూ వచ్చే ప్రతి జవాబుకూ మళ్లీ తిరిగి రాయాలి.

దుఃఖంలో ఏకాగ్రత, జ్ఞాపకం, నిద్ర అన్నీ దెబ్బతింటాయి. పైకి మాత్రం ఏమీ కనబడదు. ఒకే వరుసను మళ్లీ మళ్లీ చదువుతుంటే అంకెలు కళ్లకు ఆనుతున్నాయి గానీ బుర్రకు ఎక్కడం లేదు. అక్కకు ఇది తెలుసు, వాళ్ల అమ్మగారు పోయినప్పుడు తనూ పడింది. అందుకే బయటికి వెళ్లే ప్రతి పేమెంటూ ఇద్దరం చూడాలని మొదటి రోజే చెప్పేసింది. ఒక సాయంత్రం రికన్సిలియేషన్‌లో 90 తేడా వచ్చింది. "తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా పోతోంది, ఎక్కడో రెండు అంకెలు అటూ ఇటూ అయి ఉంటాయి చూడు" అంది. నిజమే, 5,340 ఉండాల్సిన చోట 5,430 పడింది. సరిచేసి, "ఇక అంకెల పని పొద్దున్నే పెట్టుకో, మధ్యాహ్నం ఫైలింగ్ చూసుకుందువు గానీ" అని సిస్టమ్ ఆపించేసింది.

ఒక రోజు క్యాంటీన్‌లో నేను నవ్వడం చూసి, తేరుకున్నాననుకుని కొందరు ఎప్పటిలాగే పనులు అడగడం మొదలుపెట్టారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో దీని గురించే రాశారు. అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి కాసేపు ఆ లోటులో ఉంటాడు, కాసేపు రోజువారీ పనులు చక్కబెట్టుకుంటాడు, అలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడని. నవ్విన గంటకే ఏడుపు ముంచుకు రావడం అందుకే. "ఆ అమ్మాయి బాగానే కనిపిస్తోందిగా" అన్నవాళ్లకు లీడ్ గారు, "కనిపించినా సరే, నేనిచ్చిన తేదీలు అవే" అని చెప్పారు. ఆ మాట మీదే నిలబడ్డారు.

అన్నిటికంటే కష్టమైనవి ఫోన్లు. బ్యాంకు, పెన్షన్, ఇన్సూరెన్స్ ఆఫీసులన్నీ పనిచేసేది మనం పనిచేసే వేళల్లోనే. మరణ ధృవీకరణ పత్రం ఒక్కో చోట ఒక్కో రకంగా అడుగుతారు. "ఖాతాదారుతో మాట్లాడొచ్చా మేడమ్?" అని అవతలి అమ్మాయి మర్యాదగా అడిగితే, "ఆయన లేరు" అని ప్రతిసారీ నా నోటితోనే చెప్పాలి. అడ్మిన్‌లో పనిచేసే తమ్ముడు రోజూ మధ్యాహ్నం ఒక గంట చిన్న మీటింగ్ రూమ్ నా కోసం బుక్ చేసి ఉంచాడు. అక్కడైతే ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చునే వీలుండేది.

ఇవన్నీ సెలవుకు సాటి రావు. నాకు ఇంకొన్ని రోజులు సెలవు కావాల్సింది, దొరకలేదు. నా భారం తగ్గిన మేరకు వేరేవాళ్ల మీద పెరిగింది కూడా. వెండార్ బిల్లులు తీసుకున్న ఇద్దరూ ఆ నెల చాలా రాత్రులు ఆలస్యంగా ఇంటికి వెళ్లారు. రెండు వారాలు కాగానే అన్నీ ఒక్కసారి తెచ్చి నా మీద పెట్టలేదు. తప్పు పడినా తేలిగ్గా దిద్దుకోగలిగినవి ముందు ఇచ్చారు, పేమెంట్లు చివరికి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఏ బిల్లు ఎక్కడ ఆగిందో, ఎవరితో మాట్లాడాలో పక్కనే రాసి ఇచ్చారు. మీ ఇద్దరికీ, అక్కకూ, లీడ్ గారికీ, తమ్ముడికీ నా మనస్ఫూర్తి కృతజ్ఞతలు.