రాఘవకు, పీఎఫ్ డబ్బు గురించి

ఒరేయ్ రాఘవా,

ఉద్యోగం పోయిందని నువ్వు ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదురా. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఫ్యాక్టరీలో చేసినవాణ్ణి యాభై అయిదులో పొమ్మంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట నాకూ అదే జరిగింది కదా.

పీఎఫ్ మొత్తం తీసేసి మీ బావమరిది చెప్పిన ప్లాటులో పెడదామా అన్నావు. వద్దురా. యాభై అయిదు దాటి మానేసినవాడికి మొత్తం తీసుకునే హక్కు ఉంది, కాదనను. కానీ తొందరేముంది? తీయకపోయినా మూడేళ్ళపాటు వడ్డీ పడుతూనే ఉంటుంది. మానేశాక వచ్చే ఆ వడ్డీకి పన్ను కట్టాలి, అంతే. ముందు ఆర్నెల్లు గట్టిగా పని వెతుక్కో, దొరికితే ఖాతా అక్కడికి మార్చుకుందువు గాని.

దొరక్కపోతే అప్పుడు తీసి, పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వెయ్యి. అరవై నిండాలనుకుంటారు అందరూ. రిటైరైనవాళ్ళకు యాభై అయిదు నుంచే ఇస్తారు, కాకపోతే డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపే వెయ్యాలి. రిటైర్మెంటు వివరాలతో, వచ్చిన డబ్బు లెక్కతో కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా అడుగుతారు. హెచ్ఆర్ వాళ్ళు నీ ముఖం గుర్తుపట్టే రోజుల్లోనే అది రాయించుకో. ‘రాజీనామా’ అని రాస్తే కౌంటర్లో పేచీ పడొచ్చు, ‘రిటైర్మెంటు’ అని ఉండేలా చూడు.

నీ పీఎఫ్ 24 లక్షలూ అందులో వేస్తే, నేను చూసిన 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 49,200 వస్తుంది. అంటే నెలకు 16,400. వేసిన రోజు వడ్డీయే అయిదేళ్ళూ ఉంటుంది, నీకు అరవై వచ్చేదాకా. మధ్యలో తీస్తే కోత పడుతుంది, కాబట్టి అత్యవసరానికి గ్రాట్యుటీ అయిదున్నర లక్షలు బ్యాంకులో విడిగా ఉంచు. ఇల్లు ముప్పై వేలతో గడుస్తుందన్నావుగా, లోటు అందులోంచి తీసుకో.

ఇక పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పింఛను. యాభై ఎనిమిదికి నీకు సుమారు నాలుగు వేలు రావాలి. ఇప్పుడే అడిగితే ఏడాదికి నాలుగు శాతం తగ్గించి మూడున్నర వేలిస్తారు, బతికినంతకాలం అంతే. నష్టమనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడు. ముందుగా వచ్చే మూడేళ్ళ పింఛను లక్షా పాతిక వేల పైమాటే. యాభై ఎనిమిది నుంచి నెలకు తగ్గే అయిదు వందల చొప్పున అది కరిగేసరికి నీకు డెబ్భై తొమ్మిదేళ్ళు. అందుకే తీసుకోమనే అంటాను. ఒక్కటే అడ్డు: మొదలుపెట్టాక మళ్ళీ ఉద్యోగంలో చేరినా ఆ పింఛను సర్వీసు పెరగదు. అందుకని అదీ ఆ ఆర్నెల్లయ్యాకే.

అప్పుడు వడ్డీ, పింఛను కలిపి దాదాపు ఇరవై వేలు, గ్రాట్యుటీలోంచి నెలకు పది వేలు. ఈ ఆర్నెల్లూ గ్రాట్యుటీ కదలకుండా ఉంటే, అలా నాలుగున్నరేళ్ళు లాగొచ్చు. చెల్లెమ్మ ట్యూషన్ల డబ్బు నేను లెక్కలోకి తీసుకోనే లేదు.

ఆదివారం పాస్‌బుక్కూ, చివరి జీతం స్లిప్పూ పట్టుకుని రా. భోజనం ఇక్కడే.

నీ
శేఖర్