షష్టిపూర్తి ఫోటోల్లో తలలు ఎందుకు తెగాయంటే

“ఫోన్‌లో చూస్తే నాన్నగారు తలపాగాతో సహా నిండుగా ఉన్నారండీ. మీ ప్రింట్‌లో తల ఎలా పోయింది?”

తప్పు మా స్టూడియోదే. ప్రింటర్ దగ్గర కూర్చునే కుర్రాడిది కాదు, ఫోల్డర్లు కట్టిన నాది. ఆ షష్టిపూర్తికి 212 ఫోటోలు వచ్చాయి. సగానికి తక్కువ మా కెమెరావి, మిగతావి చుట్టాల ఫోన్లవి. అన్నీ 4×6 ప్రింట్లు, ఒక్కటి మాత్రం 12×18 ఫ్రేమ్. ఒక చిన్న ప్రోగ్రామ్‌తో ‘అడ్డం’, ‘నిలువు’ అని రెండు ఫోల్డర్లుగా విడదీశాను. వెడల్పు ఎక్కువుంటే అడ్డం, ఎత్తు ఎక్కువుంటే నిలువు. ఇందులో పొరపాటేముంటుంది అనుకున్నాను.

చాలా ఫోన్లు నిలువుగా పట్టుకుని తీసినా ఫోటోను 4000×3000గా, అంటే అడ్డంగానే దాస్తాయి. “చూపించేటప్పుడు తిప్పి చూపించు” అని పక్కన ఒక అంకె రాసి పెడతాయి. దాన్నే ఓరియంటేషన్ ట్యాగ్ అంటారు. నా ప్రోగ్రామ్ ఆ అంకె చూడలేదు, ప్రింట్ సాఫ్ట్‌వేర్ చూసింది. దాంతో నిలువు ఫోటో అడ్డం చట్రంలో పడింది. 3000 వెడల్పుకు 2000 ఎత్తు మాత్రమే మిగిలి, సగం ఫోటో ఎగిరిపోయింది. పైన తలపాగా, కింద పాదాలు. 41 ప్రింట్లు ఇలా పోయాయి.

నిజానికి ముందే పట్టుకోవచ్చు. ‘నిలువు’ ఫోల్డర్‌లో ఫోన్ ఫోటో ఒక్కటీ లేదు. ఫంక్షన్‌లో ఎవరూ ఫోన్ నిలువుగా పట్టుకోకపోవడం ఎక్కడైనా ఉంటుందా! ఇప్పుడు విడదీయగానే మొదట చూసేది ఆ లెక్కే. ఇంట్లోనే సర్ది పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాళ్లు exiftool అనే ప్రోగ్రామ్ వేసుకుని, ఫోటోలున్న ఫోల్డర్‌లో ఈ కమాండ్‌తో జాబితా తీసుకోవచ్చు:

```
exiftool -n -T -FileName -ImageWidth -ImageHeight -Orientation . > list.txt
```

చివరి అంకె 6 గానీ 8 గానీ అయితే వెడల్పు, ఎత్తు తారుమారు చేసి చదవండి. 1 అయితే ఉన్నదున్నట్టే.

ఇది సరిచేసి మళ్లీ వేశాక ఇంకో చిక్కు బయటపడింది. నిలువుగా తీసిన ఒక గ్రూప్ ఫోటోలో చివరన నిలబడ్డ పిన్నిగారి భుజం లేదు. కారణం కొలతల నిష్పత్తి. మా కెమెరా ఫోటోలో పొడవును పొట్టి వైపుతో భాగిస్తే 1.5 వస్తుంది. 4×6, 8×12, 12×18 కాగితాలకూ అదే 1.5, కాబట్టి ఏమీ తెగదు. ఫోన్ ఫోటోకి 1.33 వస్తుంది. దాన్ని 4×6 నిండా పరిస్తే అర అంగుళం బయటికి పోతుంది, ఇటు పావు, అటు పావు. అందుకే ఇప్పుడు ఫోన్ ఫోటోలకు వేరే ఫోల్డర్ ఉంది. వాటిలో అంచుల్లో మనిషి ఉన్నవాటిని తెల్ల మార్జిన్‌తో వేస్తాం. మార్జిన్ బాగోదని కొందరంటారు. పిన్నిగారి భుజం కన్నా అదే నయమని నా అభిప్రాయం.

‘తక్కువ రిజల్యూషన్’ అని ఇంతకుముందు ఉన్న ఫోల్డర్ తీసేశాను. ఎంత సైజు ప్రింట్ కోసమో చెప్పకుండా తక్కువ, ఎక్కువ అనడానికి అర్థం లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. 6 అంగుళాల ప్రింట్‌కి అంగుళానికి 267 పడతాయి, శుభ్రంగా వస్తుంది. అదే ఫోటో 18 అంగుళాల ఫ్రేమ్‌కి వేస్తే 89 మాత్రమే, కనురెప్పలు అలుక్కుపోతాయి. షష్టిపూర్తి ఫ్రేమ్‌కి ఇచ్చింది అలాంటిదే. వాళ్లబ్బాయి చేత అసలు ఫైల్ డాక్యుమెంట్‌గా పంపించుకుని వేశాం. ఇప్పుడు మా ఫోల్డర్లకు ప్రింట్ సైజులే పేర్లు. ‘12×18’లోకి వెళ్లాలంటే, కత్తిరించాక పొడవు వైపు 3600 పిక్సెళ్లు ఉండాలి. గోడ మీద దూరం నుంచి చూసేదైతే 2700కీ ఒప్పుకుంటాను, కానీ మీకు ముందే చెప్తాను. యాప్‌లో పెద్దది చేసిన ఫోటో మాత్రం ఈ లెక్కకు దొరకదు. పిక్సెళ్లుంటాయి, వివరం ఉండదు. వాటిని వంద శాతానికి జూమ్ చేసి కంటితో చూడాల్సిందే.

హాలులో స్క్రీన్ మీద వేసే ఫోటోలకు ఇంత టెన్షన్ లేదు. 1920×1080 స్క్రీన్‌కి వాట్సాప్ ఫోటో కూడా దాదాపు సరిపోతుంది. నిలువువి మాత్రం రెండేసి పక్కపక్కన పెడుతున్నాం, లేకపోతే మధ్యలో ఒక పట్టీలా కనిపిస్తాయి.

ఆ 41 ప్రింట్లూ, భుజం తెగినవీ ఉచితంగా మళ్లీ వేసిచ్చాం. ఇంతకుముందు మా దగ్గర ఫోన్ ఫోటోలు వేయించుకున్నవాళ్లలో ఎవరికైనా ఇలా తెగి ఉంటే ఆ ప్రింట్ పట్టుకొచ్చేయండి, బిల్లు లేకపోయినా పర్వాలేదు.