వంద రూపాయలు ముందుగా ఎందుకు అడుగుతున్నామంటే

"ఆరేళ్లుగా మీ దగ్గరే ఆవకాయ కొంటున్నాను. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీకి కూడా ముందే వంద కట్టమంటున్నారు. మా మీద నమ్మకం పోయిందా?"

పోలేదమ్మా. మీరు ఈసారి మీ అబ్బాయి ఫోను నుంచి ఆర్డరు పెట్టారు. ఆ నంబరు మా పుస్తకంలో లేదు కాబట్టి కొత్తవారికి వెళ్లే సందేశమే మీకూ వచ్చింది. మీ పార్సిలు వంద అడగకుండానే నిన్న పంపించాను. కానీ ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని అడగనివారు ఇంకొందరు ఉంటారు. వారికోసం జరిగింది చెబుతాను.

మా ఇంట్లో ఆర్‌టీవో అన్న మాట మొదటిసారి విన్నప్పుడు మావారు రవాణా శాఖ ఆఫీసు అనుకున్నారు. కొరియర్ల భాషలో దానికి అర్థం, పార్సిలు ఎవరూ తీసుకోక పంపినవారి దగ్గరకే తిరిగి రావడం. ఈ వేసవిలో నలభై రోజుల్లో 120 క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు పంపితే 31 అలా తిరిగొచ్చాయి.

ఒక్క సీసా లెక్క చెబుతాను. కిలో ఆవకాయ 650 రూపాయలకు అమ్ముతాము. పచ్చడికి, సీసాకు కలిపి 360, అట్టపెట్టెకు, చుట్టడానికి 25, కొరియరుకు 90, ఇంటి దగ్గర డబ్బు వసూలు చేసినందుకు వాళ్లు తీసుకునేది 40. మిగిలేది 135. అదే సీసా తిరిగొస్తే వసూలు రుసుము ఉండదు కానీ తిరుగు ప్రయాణానికి ఇంకో 85 కట్టాలి. పచ్చడి కూడా పోయినట్టే. మొత్తం 560 నష్టం. రెండు వారాలు గోడౌన్ల వేడిలో తిరిగి, మూత దగ్గర నూనె చిమ్మిన సీసాను తుడిచి ఇంకొకరికి పంపడం నా వల్ల కాదు. తిరిగొచ్చిన సీసా మీ ఇంటికి ఎప్పటికీ రాదు. ఈ విషయంలో మావారితో ఎన్నిసార్లు వాదన జరిగిందో లెక్క లేదు, నేను మాత్రం మారను.

ఇక కూడి చూడండి. అందిన 89 సీసాల మీద వచ్చింది 12,015. తిరిగొచ్చిన 31 సీసాల మీద పోయింది 17,360. నలభై రోజులు ఎండలో మామిడికాయలు కొట్టించి, చేతులు మండేలా కారం కలిపి, చివరికి 5,345 రూపాయలు మేమే ఎదురు ఇచ్చుకున్నాము. ముందుగా డబ్బు పంపి కొన్నవారి ఆర్డర్లే దుకాణాన్ని నిలబెట్టాయి.

మొదట దొంగ ఆర్డర్లే కారణమని మనుషులను తిట్టుకున్నాను. తరువాత ఒక ఆదివారం కూర్చుని 31 పార్సిళ్లనూ ఒక్కొక్కటిగా నోటుపుస్తకంలో రాశాను. తొమ్మిదింటికి ఇచ్చిన ఫోను నంబరు అసలు పనిచేయదు, లేదా ఎత్తినవారికి ఆర్డరు సంగతే తెలియదు. ఎనిమిది మంది గుమ్మం దగ్గర వద్దన్నారు. మూడింటికి చిరునామా సరిగా లేదు. మిగిలిన పదకొండు మంది, "మేము ఇంట్లోనే ఉన్నాము, ఎవరూ రాలేదు" అన్నారు. అన్నిటికన్నా పెద్ద గుంపు అదే.

కూకట్‌పల్లిలో ఉండే ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి. ఆవిడ పార్సిలు వివరాల్లో మూడు రోజులు వరుసగా "కస్టమర్ అందుబాటులో లేరు" అని ఉంది. మూడు రోజులూ రాత్రి 8 గంటల 40 నిమిషాలు దాటాకే నమోదైంది. ఆవిడ ఫోనులో ఆ మూడు రోజులూ తెలియని నంబరు నుంచి ఒక్క కాల్ కూడా రాలేదు, తెర ఫొటో తీసి పంపారు. అనుమానం వచ్చి అదే రోజు నగరంలో వేరే మూలన మాకున్న ఇంకో రెండు పార్సిళ్లు చూశాను. అవీ అవే నిమిషాల్లో, అదే మాటతో నమోదయ్యాయి. మనిషి ఇల్లిల్లూ తిరిగితే సమయాలు వేరువేరుగా ఉంటాయి. పని ముగిసే వేళ మిగిలిన పార్సిళ్లన్నిటికీ కలిపి ఒకే కారణం నొక్కేశారని నా నమ్మకం.

కొరియరు వాళ్లకు పది మెయిళ్లు పెట్టాను. ప్రతిసారీ "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న జవాబే వచ్చింది, ప్రతిసారీ కింద వేరే పేరు. తిరుగు ఛార్జీ మాత్రం ఒక్కసారీ మర్చిపోకుండా కోసుకున్నారు. ఆ పిన్‌కోడ్లకు వాళ్లను మానేసి ఇంకొకరికి ఇస్తున్నాను. ఈ కొత్త కొరియరు వాళ్లు, పార్సిలు వద్దన్నవారి ఫోనుకు ఓటీపీ పంపి, అది చెబితేనే "నిరాకరించారు" అని రాస్తారు. అందని పార్సిళ్ల జాబితా ఇప్పుడు నేనే రోజూ ఉదయం పదికి తెరుస్తున్నాను. ఆ రోజే మళ్లీ ప్రయత్నించమని చెప్పకపోతే పార్సిలు దానంతట అదే వెనక్కి మళ్లుతుంది. ఇంతకుముందు ఆ జాబితాను రెండు రోజులకోసారి చూసేదాన్ని. ఆ తప్పు నాదే.

ఇక వంద రూపాయల మాట. క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా ఎత్తేయమని అందరూ చెప్పారు. రెండు వారాలు నిద్ర పట్టలేదు. మా అత్తగారు వీధిలో అప్పుకు పచ్చడి ఇచ్చి, నెల తిరిగాక కూడా నోరు తెరిచి అడిగేవారు కాదు. నేను ముఖం చూడని మనిషిని ముందే డబ్బు అడగాలా అని మనసు ఒప్పుకోలేదు. ఫోనులో డబ్బు పంపడం రాని పెద్దవాళ్లు మా కొనుగోలుదారుల్లో చాలామంది ఉన్నారు. పూర్తిగా ఎత్తేస్తే పోయేది వాళ్లే, దొంగ ఆర్డరు పెట్టేవాడు కాదు.

చివరికి ఇలా నిర్ణయించాను. రెండుసార్లు పార్సిలు తీసుకున్నవారిని వంద అడగము. కొత్తవారు వంద పంపితే మిగతాది ఇంటి దగ్గర ఇవ్వవచ్చు. గుమ్మం దగ్గర వద్దంటే ఆ వంద కొరియరు ఖర్చుకు పోతుంది. కొరియరు మనిషి రాకపోతే, తప్పు మాదైతే, పూర్తిగా వెనక్కి ఇస్తాము. డబ్బు పంపడం రానివారు ఫోను చేస్తే చాలు, నేనే మాట్లాడి నమోదు చేసుకుంటాను.

ఆర్డరు పెట్టాక చిరునామాతో ఒక వాట్సాప్ సందేశం వస్తుంది. చదివి "అవును" అనండి. పిన్‌కోడు ఊరికి సరిపోతుందో లేదో నేనూ చూస్తాను. మొన్న ఒకరు ఊరు రాజమండ్రి అని రాసి పిన్‌కోడు 500తో మొదలయ్యేది ఇచ్చారు. అది హైదరాబాదుది, ఆ పార్సిలు వెళ్లి ఉంటే తప్పకుండా తిరిగొచ్చేది. జవాబు లేకపోతే సాయంత్రం ఆరు తరువాత ఒకసారి ఫోను చేస్తాను. అప్పటికీ పలకకపోతే పచ్చడి సీసాలోకి ఎత్తను. మా నంబరు పేరుతో దాచుకుంటే తెలియని కాల్ అని కట్ చేయరు.

తరువాతి నలభై రోజుల్లో ఆర్డర్లు 120 నుంచి 78కి పడిపోయాయి. "చూశావా" అన్నారు మావారు. తిరిగొచ్చినవి ఏడు. లెక్క వేస్తే 5,665 మిగిలింది. ఆ కాగితం ఆయన కంచం పక్కన పెట్టాను, ఏమీ అనలేదు.

కూకట్‌పల్లి ఆవిడకు కొత్త సీసా ఆర్టీసీ కార్గోలో పంపాను. మనవడు బస్టాండుకు వెళ్లి తెచ్చుకున్నాడు. డబ్బు ఇంకా తీసుకోలేదు, గోంగూర ఆర్డరుతో కలిపి ఇస్తానన్నారు, సరే అన్నాను.